ఇంటర్న్‌షిప్ ఆరు నెలలే. నెలకి 6,000 మిగులుతుంది, ఎక్కడ పెట్టాలి?

తణుకు_టు_మాదాపూర్ · జులై 19

అందరికీ నమస్తే. బీటెక్ మూడో సంవత్సరం అయిపోయింది. జులై నుంచి డిసెంబర్ దాకా హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్, స్టైపెండ్ 15,000. ఇంటి నుంచి నాన్న ఇంకో 3,000 పంపుతున్నారు. పీజీకి భోజనంతో కలిపి 7,500, మెట్రో, బస్సులకి 1,800, రీఛార్జ్ 350, బయట తిండి, సినిమా, సబ్బులు అన్నీ కలిపి 2,350. మొత్తం 12,000 ఖర్చు, 6,000 మిగులుతుంది.

నా ప్లాన్: 4,000 స్మాల్ క్యాప్ ఫండ్‌లో సిప్, 1,500 ఆప్షన్స్ నేర్చుకోవడానికి, 500 డిజిటల్ గోల్డ్ (ఇది అమ్మ కోసం). వయసు 20. పాన్, ఆధార్ ఉన్నాయి. మొదటిసారి పెడుతున్నా, తప్పులుంటే చెప్పండి. స్మాల్ క్యాప్‌లో ఏ ఫండ్ మంచిదో కూడా చెబితే సంతోషం.

---

లాట్_సైజ్_లక్ష్మణ్ · జులై 19

4,000 సిప్ వేస్తే పదేళ్లకి కానీ ఏమీ కనబడదు తమ్ముడూ. 20 ఏళ్ళకే ముసలాడి ప్లాన్ ఎందుకు? చిన్న మొత్తంతో ఆప్షన్స్‌లో చెయ్యి తిప్పుకో. పోతే 1,500 పోతుంది, నేర్చుకుంటావు. వస్తే డబుల్. నేను హాస్టల్‌లో ఉన్నప్పుడే మొదలుపెట్టా.

---

పద్మక్క · జులై 19

బాబూ, షేర్లు గీర్లు వద్దు. మా వీధిలో నెలకి 2,000 చిట్టీ నడుస్తుంది, 25 నెలలు. మా అబ్బాయి లాప్‌టాప్ అలాగే కొన్నాం. చేతిలో డబ్బుంటే ఖర్చయిపోతుంది, చిట్టీ అయితే కచ్చితంగా కట్టాలి కాబట్టి మిగులుతుంది. లేకపోతే పోస్టాఫీసులో ఆర్డీ కట్టుకో, గవర్నమెంట్‌ది.

---

శివారెడ్డి_నల్గొండ · జులై 20

ఇంజనీరింగ్ చదువుకి ప్లాన్ చేస్తున్నారంటే ముందుచూపు ఉన్నట్టే. మా పెద్దోడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. వాడి పేరు మీద పీపీఎఫ్ తెరిచి ఏడాదికి 50 వేలు వేస్తున్నా. 7.1 శాతం, పన్ను లేదు. మీ పిల్లాడికి కూడా అదే చెయ్యండి. కాకపోతే 15 ఏళ్లు లాక్ ఉంటది, కాలేజీ ఫీజుకి సమయానికి పూర్తిగా చేతికి రాదు. నేనది ఆలస్యంగా చూసుకున్నా.

---

తణుకు_టు_మాదాపూర్ · జులై 20

శివారెడ్డి గారూ, పిల్లాడిని నేనే సార్ 😄

---

కాగితం_పెన్సిల్ · జులై 20

ఫండ్ పేరు తర్వాత చెప్పుకుందాం. ముందు నాలుగు విషయాలు చెప్పు తమ్ముడూ, నీ పోస్టులో అవి లేవు.

స్టైపెండ్ ఏ తేదీకి పడుతుంది? డిసెంబర్ తర్వాత చేతికి ఎంత వస్తుంది? చదువయ్యాక వచ్చే ఏడాది జూన్, జులైలో ఎక్కడికి వెళ్తున్నావు, మొదటి జీతం పడేదాకా బతకడానికి ఎంత కావాలి? ఎడ్యుకేషన్ లోన్ ఉందా?

ఈ నాలుగూ తెలియకుండా ఎవరు ఫండ్ పేరు చెప్పినా అది నీకోసం చెప్పింది కాదు.

---

తణుకు_టు_మాదాపూర్ · జులై 20

అన్నా, స్టైపెండ్ పక్క నెల 7 నుంచి 10 లోపు వేస్తామన్నారు, మొదటిది ఇంకా రాలేదు. జనవరిలో ఆఖరిది. తర్వాత కాలేజీకి వెనక్కి, అక్కడ హాస్టల్ మెస్ నాన్నే కట్టేస్తారు, నా చేతికి 3,000 అంతే.

వచ్చే జులైలో బెంగళూరులో జాయినింగ్ ఉండొచ్చు. సీనియర్లను అడిగితే పీజీ అడ్వాన్స్, మొదటి నెల అద్దె కలిపి 18,000, ప్రయాణం, సామాన్లకి 3,000, జీతం పడేదాకా తిండికి, బస్సులకి 9,000 అన్నారు. అంటే 30,000. అది నాన్నని అడగాలని లేదు. అడిగితే ఇస్తారు, కానీ చెల్లి ఇంటర్ ఫీజు కూడా అదే నెలలో.

లోన్ ఉంది. ఏడాదికి లక్ష చొప్పున మూడు లక్షలు తీసుకున్నాం, నాలుగోది ఈ నెలలో పడుతుంది. వడ్డీ 10 శాతం. అది ఉద్యోగం వచ్చాక కదా అని రాయలేదు.

---

కాగితం_పెన్సిల్ · జులై 21

ఇప్పుడు లెక్క కుదురుతుంది. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టు.

నీ దగ్గర ఉన్నది నెలకి 6,000 కాదు. ఆరుసార్లు వచ్చే 6,000. ఆ రెంటికీ చాలా తేడా. ఆరు నెలల్లో 36,000 మిగులుతుంది, అందులో 30,000కి వచ్చే జులైలో పని ఉందని నువ్వే రాశావు. ఏడాదిలోపు కావాల్సిన డబ్బు స్టాక్ మార్కెట్‌లోకి వెళ్లకూడదు. మార్కెట్ చెడ్డదని కాదు, నీ తేదీ దానికి తెలియదు కాబట్టి. 2020 జనవరిలో నిఫ్టీ 12,000 పైన ఉంది, మార్చి 23న 7,610 దగ్గర క్లోజ్ అయింది. రెండు నెలలు. తర్వాత కోలుకుంది నిజమే, కానీ ఏప్రిల్‌లో పీజీ అడ్వాన్స్ కట్టాల్సినవాడికి ఆ తర్వాత కోలుకోవడంతో పనేముంది?

స్మాల్ క్యాప్ అయితే ఇంకా ఎక్కువ. 2018 మొదట్లో స్మాల్ క్యాప్ సూచీ దిగడం మొదలుపెట్టి 2020 మార్చికి సగానికి పైగా పోయింది. రెండేళ్లకు పైగా దిగుతూనే ఉంది. నువ్వు యాప్‌లో చూస్తున్న "3 ఏళ్ల రాబడి" అనే కాలమ్ ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారన్న దాన్ని బట్టి మారిపోతుంది. పైకెక్కిన రోజున చూస్తే ప్రతి ఫండూ బంగారు బాతులాగే కనబడుతుంది.

నీ ప్లాన్ ప్రకారమే చూద్దాం. ఆరు నెలలు 4,000 చొప్పున స్మాల్ క్యాప్‌లో వేస్తే 24,000. వచ్చే జూన్‌కి అది 30 శాతం కింద ఉందనుకో, చేతికి వచ్చేది 16,800. అదే డబ్బు 6 శాతం వచ్చే బ్యాంకు ఆర్డీలో ఆరు నెలలు కడితే వడ్డీ ఓ 420 రూపాయలు. 420 అంటే నవ్వొస్తుంది, తెలుసు. ఆ ఆర్డీ 420 కోసం కాదు, మిగతా 24,000 జులైలో అలాగే ఉండడం కోసం.

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. స్టైపెండ్ పడిన రెండో రోజున ఆరు నెలల బ్యాంకు ఆర్డీకి పెద్ద భాగం. ఒక్క 500 మాత్రం నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో సిప్. 500 ఎందుకంటే జనవరి తర్వాత నీ చేతికి వచ్చే 3,000లోంచి కూడా అది కట్టగలవు. స్టైపెండ్ ఉన్నప్పుడు కట్టగలిగింది కాదు, స్టైపెండ్ ఆగిపోయాక కూడా కట్టగలిగేదే నీ సిప్.

---

పద్మక్క · జులై 21

నేను చెప్పిందీ అదే కదా, ఆర్డీ.

---

విశ్రాంత_మేనేజరు · జులై 21

పద్మ గారూ, సగం సరే. పోస్టాఫీసు ఆర్డీ అంటే అయిదేళ్లది. మూడేళ్లు నిండకుండా మూయనివ్వరు, మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. ఈ అబ్బాయికి వచ్చే జులైకి కావాలి. కాబట్టి బ్యాంకులో ఆరు నెలల ఆర్డీ. యాప్‌లోనే తెరవొచ్చు, మధ్యలో అత్యవసరమైతే కాస్త వడ్డీ తగ్గించి మూసేస్తారు, అసలు ఎక్కడికీ పోదు.

చిట్టీ సంగతి. రిజిస్టరైన కంపెనీ చిట్టీ మీద నాకు కోపం లేదు. కానీ 25 నెలలు కట్టాలి, ఈ అబ్బాయికి డబ్బు వచ్చేది ఆరు నెలలు. ఏడో నెల నుంచి కట్టకపోతే? పాట పాడుకుని డబ్బు తీసుకుంటే జామీను అడుగుతారు, 20 ఏళ్ల కుర్రాడికి జామీను ఎవరు ఉంటారు? వాళ్ల నాన్నే. వీధి చిట్టీ అయితే నడిపే మనిషి ఊరు వదిలిపెట్టిన రోజున చెప్పుకోవడానికి ఆఫీసు కూడా ఉండదు. 31 ఏళ్లు కౌంటర్ అవతల కూర్చున్నాను, అలా ఏడ్చిన వాళ్లను చూశాను.

ఇక బాబూ, ఆ లోను వడ్డీ కట్టడం మొదలుపెట్టు. సిప్ సంగతి తర్వాత.

---

పద్మక్క · జులై 21

మా చిట్టీ నడిపే ఆవిడ 18 ఏళ్లుగా అదే ఇంట్లో ఉంది సార్. కానీ 25 నెలల మాట నిజమే, అది ఆలోచించలేదు.

---

లాట్_సైజ్_లక్ష్మణ్ · జులై 21

అందరూ భయపెడుతున్నారు. రిస్క్ తీసుకోకపోతే రిటర్న్ ఎక్కడిది?

---

కాగితం_పెన్సిల్ · జులై 21

లక్ష్మణ్ గారూ, రిస్క్ మాట పక్కన పెట్టి ఖర్చు లెక్క చూద్దాం. 1,000 రూపాయల ప్రీమియం పెట్టి ఒక లాట్ కొని అదే రోజు అమ్మాడనుకోండి. చాలా బ్రోకర్ల దగ్గర ఆర్డర్‌కి 20 రూపాయలు, కొన్నప్పుడు ఒకసారి, అమ్మినప్పుడు ఒకసారి. జీఎస్టీతో 47 దాటుతుంది, మిగతా ఛార్జీలు వేరే. అంటే మార్కెట్ కదలకముందే 5 శాతం దాకా పోయింది. ఇండెక్స్ ఫండ్ ఏడాది మొత్తానికి తీసుకునేది అర శాతం కూడా ఉండదు. పైగా వెయ్యి రూపాయలకి వచ్చే ఆప్షన్ అంటే ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ, ధరకి చాలా దూరంగా ఉన్నదే. అది ఎక్కువసార్లు సున్నా అవుతుంది. ఇందులో నేర్చుకునేది ఒక్కటే, సున్నా ఎలా ఉంటుందో.

సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్కలు బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మీరు మిగతా 7లో ఉన్నారా అని అడగను, మీ ఇష్టం.

---

లాట్_సైజ్_లక్ష్మణ్ · జులై 21

పోయిన ఏడాది మైనస్‌లో ఉన్నా. ఈ ఏడాది రికవరీ అవుతుంది.

---

సి_బ్లాక్_214 · జులై 22

నా కథ చెప్తా, తమ్ముడికి పనికొస్తది. నేను ఫైనల్ ఇయర్, వరంగల్. సెకండియర్‌లో వీడియోలు చూసి "డైవర్సిఫై" చేయాలని 500 చొప్పున మూడు ఫండ్లలో సిప్ పెట్టిన. మూడింటికీ తేదీ 5. యాప్ అదే చూపించింది, నేను మార్చలే.

ఒక నెల ఇంటి నుంచి డబ్బులు 6న వచ్చినయ్. 5న అకౌంట్‌లో 210 రూపాయలు. మూడు మ్యాండేట్లూ బౌన్స్. మా బ్యాంకు ఒక్కో బౌన్స్‌కి 250, జీఎస్టీతో 295 వేసింది. మూడుకి 885. అకౌంట్‌లో అంత లేదు కాబట్టి ఉన్నది గుంజుకుని మిగతాది బాకీ రాసుకుంది. 6న ఇంటి నుంచి పడ్డ డబ్బుల్లోంచి ఫస్ట్ ఆ బాకీ కట్ అయింది. పక్క నెల 5కి మళ్లీ చాలలే, మళ్లీ మూడు బౌన్స్. రెండు నెలల్లో 1,770 పోయింది. అప్పటిదాకా నేను పెట్టిన మొత్తం పెట్టుబడే 4,500!

ఫండ్ కంపెనీ ఏమీ ఫైన్ వేయలే. వేసింది బ్యాంకే. వరసగా మూడు నెలలు ఫెయిలైతే సిప్ దానంతట అదే క్యాన్సిల్ అవుతదని తర్వాత తెలిసింది. నాది మూడో నెల నేనే క్యాన్సిల్ కొట్టిన.

---

తణుకు_టు_మాదాపూర్ · జులై 22

అన్నా ఇది అసలు ఎవరూ చెప్పరు. 4,500 పెట్టి 1,770 ఫైనా!

---

కాగితం_పెన్సిల్ · జులై 22

214 చెప్పింది ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే విలువైన పోస్టు. మనలాంటి పెద్దవాళ్లకి 295 పెద్దగా కనబడదు. 500 సిప్‌కి అది సగం పైనే.

తమ్ముడూ, నీ స్టైపెండ్ 7–10 మధ్య అన్నావు. సిప్ తేదీ 15 పెట్టు. ఒక్క ఫండే, ఒక్క మ్యాండేటే. 500 పెట్టే చోట మూడు ఫండ్లంటే మూడు బౌన్స్ ఛార్జీలు తప్ప కలిసొచ్చేది లేదు, నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో ఎలాగూ 50 కంపెనీలున్నాయి. ఒక నెల డబ్బు కుదరదని ముందే తెలిస్తే యాప్‌లో పాజ్ కొట్టు, కానీ తేదీకి కొన్ని రోజుల ముందే కొట్టాలి. ముందు రోజు రాత్రి కొడితే అప్పటికే బ్యాంకుకి రిక్వెస్ట్ వెళ్లిపోయి ఉంటుంది. ఇంకా మంచిదేంటంటే, మొదటి మూడు నెలలు సిప్ మ్యాండేటే పెట్టకు. స్టైపెండ్ పడగానే నువ్వే యూపీఐతో 500 కొను. మర్చిపోకుండా కొంటున్నావని తేలాక ఆటోమేటిక్ చేసుకో.

---

గుంటూరు_మిర్చి_99 · జులై 22

యూపీఐ ఆటోపేతో పెడితే బౌన్స్ ఛార్జ్ ఉండదు కదా? నాది రెండుసార్లు ఫెయిలైంది, రూపాయి కట్ అవలేదు.

---

సి_బ్లాక్_214 · జులై 22

మా రూమ్మేట్‌కి ఆటోపే మీద కూడా కట్ అయింది. వేరే బ్యాంకు.

---

విశ్రాంత_మేనేజరు · జులై 22

బ్యాంకును బట్టి. మీ బ్యాంకు ఛార్జీల పట్టికలో "రిటర్న్" అన్న వరుసలు వెతికి చూసుకోండి. కౌంటర్‌లో అడిగితే సగం మందికి తెలియదు, నేను ఆ సగంలోనే ఉండేవాణ్ణి.

---

బావగారు_ఏజెంట్ · జులై 23

నేనొక మాట చెబుతా. డైరెక్ట్ ప్లాన్ అని యాప్‌లో మీరే కొంటే మార్కెట్ పడ్డప్పుడు చెప్పేవాడు ఉండడు. రెగ్యులర్ ప్లాన్‌లో మాలాంటి వాళ్లం ఫోన్ ఎత్తుతాం. కమిషన్ మీ జేబులోంచి పోదు, కంపెనీ ఇస్తుంది.

---

కాగితం_పెన్సిల్ · జులై 23

బావగారూ, ఫోన్ ఎత్తడం నిజంగా విలువైన పనే, కొందరికి అది కావాలి. కానీ కమిషన్ కంపెనీ ఇస్తుంది అనొద్దు. ఫండ్ ఖర్చులోనే అది కలిసి ఉంటుంది, అందుకే ఒకే ఫండ్‌కి రెగ్యులర్ ప్లాన్ రాబడి డైరెక్ట్ కంటే తక్కువ. 2013 జనవరి నుంచి రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఎవరైనా పోల్చి చూడొచ్చు. 500 సిప్‌కి ఆ తేడా ఇప్పుడు టీ ఖర్చు కూడా కాదులెండి. కాకపోతే ఈ కుర్రాడు ఇదే ఫోలియోలో ఇరవై ఏళ్లు వేస్తూ పోతే అప్పుడు తెలుస్తుంది. కొనేటప్పుడు ఫండ్ పేరు చివర డైరెక్ట్, గ్రోత్ అన్న రెండు మాటలు ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు.

---

తణుకు_టు_మాదాపూర్ · ఆగస్టు 9

అందరికీ మళ్లీ నమస్తే. స్టైపెండ్ పడింది. 15,000 కాదు, 13,500! హెచ్‌ఆర్‌ని అడిగితే 10 శాతం టీడీఎస్ అన్నారు. నాకు పన్నేంటి? ఇప్పుడు మిగిలేది 4,500 మాత్రమే. లెక్కంతా తప్పింది.

రెండోది, కేవైసీ ఆగిపోయింది. "ఆన్ హోల్డ్" అని వస్తోంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే.

---

కాగితం_పెన్సిల్ · ఆగస్టు 9

రెండోది మన తెలుగువాళ్ల ఆస్థాన సమస్య. ఇంటిపేరు ముందో వెనకో, పూర్తిగానో పొడి అక్షరమో, పదో తరగతి మెమోలో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఇప్పుడే సరిచేసుకో, ఎందుకంటే వచ్చే ఏడాది పీఎఫ్ దగ్గర ఇదే మళ్లీ అడ్డొస్తుంది. ఒక మాట గుర్తుపెట్టుకో, ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. కాబట్టి ముందు పదో తరగతి మెమో ముందు పెట్టుకుని, అందులో ఎలా ఉందో అక్షరం అక్షరం చూసి, ఏది మార్చాలో అప్పుడు నిర్ణయించుకో. తొందరపడి ఆధార్ మార్చి తర్వాత మెమోతో కలవక మళ్లీ మార్చినవాళ్లున్నారు.

టీడీఎస్ సంగతి. నీ స్టైపెండ్‌ని మీ కంపెనీ జీతంగా కాకుండా ప్రొఫెషనల్ ఫీజుగా రాసింది. అలా రాస్తే ఏడాదికి 50,000 దాటినప్పుడు 10 శాతం పట్టుకోవాలి. ఆరు నెలలకి 90,000 అవుతుంది కాబట్టి మొదటి నెల నుంచే పట్టారు. నీ మొత్తం ఆదాయం పన్ను కట్టాల్సిన హద్దుకి చాలా దిగువన ఉంది కనుక ఆ 9,000 నీదే. వచ్చే ఏప్రిల్ తర్వాత రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో 26ఏఎస్ తెరిచి కంపెనీ నీ పాన్ మీదే జమ చేసిందా అని మూడు నెలలకోసారి చూసుకో. పాన్‌లో ఒక్క అక్షరం తప్పు ఇచ్చి ఉంటే ఆ డబ్బు ఎవరి ఖాతాలోనో కూర్చుంటుంది.

కానీ ఆ 9,000ని జులై లెక్కలో కలపకు. ఎప్పుడొస్తుందో నీ చేతిలో లేదు.

కొత్త లెక్క: 4,500లో 3,500 ఆర్డీకి, 500 సిప్‌కి, 500 అకౌంట్‌లోనే వదిలెయ్. ఆగస్టు నుంచి జనవరి దాకా ఆరు వాయిదాలు, 21,000, వడ్డీ 370 దాకా. ఫిబ్రవరిలో చేతికొచ్చింది జులై దాకా అదే బ్యాంకులో ఫిక్స్‌డ్ వేస్తే ఇంకో 530 వరకు. 21,900 అనుకో. అకౌంట్‌లో వదిలిన 3,000, కాలేజీకి వెళ్లాక నెలకి 500 మిగిల్చితే ఇంకో 3,000. మొత్తం 28,000 దగ్గర. నీకు కావాల్సింది 30,000. రెండు వేలు తక్కువ.

---

తణుకు_టు_మాదాపూర్ · ఆగస్టు 9

అంటే సిప్ కూడా ఆపేస్తే సరిపోతుంది కదా అన్నా? ఏడాదికి 6,000.

---

కాగితం_పెన్సిల్ · ఆగస్టు 9

లెక్కగా చూస్తే అవును. ఆపేయమన్నా తప్పు లేదు, నిజాయితీగా చెప్తున్నా. నేను ఉంచమనేది ఒక్క కారణానికి. నీ 500 సిప్‌లో మొదటి ఏడాది వచ్చే లాభం లెక్కలోకి రాదు, పది శాతం వచ్చినా మూడొందల చిల్లర. కానీ కేవైసీ ఇప్పుడే తేలిపోతుంది, ఫోలియో తెరుచుకుంటుంది, ఎరుపు రంగు చూసిన రోజు నీ చెయ్యి అమ్మేయ్ బటన్ మీదకి వెళ్తుందో లేదో తెలుస్తుంది. జీతం వచ్చాక 10,000 సిప్ పెట్టిన రోజున అది మొదటిసారి తెలియడం కంటే ఇప్పుడు తెలియడం చవక. ఆ రెండు వేలు డిజిటల్ గోల్డ్, ఆప్షన్స్ మానేస్తే వచ్చేదే కదా అనుకుంటావేమో, ఆ డబ్బు టీడీఎస్ ఎప్పుడో తినేసింది 😄 బయట తిండిలో నెలకి 200 తగ్గించు.

గోల్డ్ గురించి ఒక్క ముక్క. డిజిటల్ గోల్డ్ కొనేటప్పుడే 3 శాతం జీఎస్టీ, పైగా కొనే ధర, అమ్మే ధర వేరు. 2025 నవంబర్‌లో సెబీ అది తమ పరిధిలోకి రాదని హెచ్చరించింది కూడా. అమ్మకి ఇవ్వాలంటే మొదటి జీతంతో ముక్కుపుడక కొనిపెట్టు.

---

విశ్రాంత_మేనేజరు · ఆగస్టు 10

నేను లోను మాట ఎత్తితే ఎవరూ పట్టించుకోలేదు. కుర్రాడికి ఇది తెలియాలి. మొదటి లక్షకి మూడేళ్లు, రెండో లక్షకి రెండేళ్లు, మూడోదానికి ఏడాది. 10 శాతం మీద ఇప్పటికే 60,000 వడ్డీ. ఈ ఏడాది నాలుగు లక్షల మీద ఇంకో 40,000, చదువయ్యాక ఏడాది గడువులో ఇంకో 40,000. కిస్తీలు మొదలయ్యేనాటికి నీ నాలుగు లక్షలు 5,40,000. దాని మీద కిస్తీ. అటువంటప్పుడు 500 సిప్ ఏంటి? ఆ 500 లోనుకి కట్టు.

---

కాగితం_పెన్సిల్ · ఆగస్టు 10

సార్ లెక్క సరైనదే. కానీ ఒక మెలిక ఉంది, మీరు చెబితేనే బాగుంటుంది. చదువు, గడువు కాలంలో సాధారణ వడ్డీయే కదా? అంటే పేరుకున్న 60,000 మీద ఇప్పుడు వడ్డీ నడవడం లేదు. ఇవాళ 500 ఆ వడ్డీలో కట్టినా, రెండేళ్ల తర్వాత కిస్తీలు మొదలయ్యే ముందు రోజు కట్టినా తగ్గేది అదే 500. అలాంటప్పుడు ఆ 500ని మధ్యలో ఆర్డీలో ఉంచి, అసలులో కలిపే ముందు కట్టడమే లాభం. అసలు ప్రమాదం వడ్డీ అసలులో కలిసే రోజున.

---

విశ్రాంత_మేనేజరు · ఆగస్టు 10

సాధారణ వడ్డీ అన్న మాట నిజం, మా స్కీములో అలాగే ఉండేది. కానీ చదువుకునే కాలంలో వడ్డీ ఎప్పటికప్పుడు కడితే రేటులో 1 శాతం దాకా రాయితీ ఉండేది. నాలుగు లక్షల మీద అది ఏడాదికి 4,000.

---

కాగితం_పెన్సిల్ · ఆగస్టు 10

దానికి ప్రతి నెలా పడే వడ్డీ మొత్తం కట్టాలి కదా సార్, ఇప్పుడు నాలుగు లక్షల మీద నెలకి 3,333. 500తో అది రాదు. పైగా మూడేళ్లు కట్టనివాడికి ఇప్పుడు ఇస్తారా?

---

విశ్రాంత_మేనేజరు · ఆగస్టు 10

ఇవ్వరనే అనుకుంటా. అయినా అప్పు పెట్టుకుని మార్కెట్‌లో డబ్బు పెట్టడం నా మనసుకి ఎక్కదు. 10 శాతం అప్పు తీర్చడం అంటే 10 శాతం గ్యారంటీ రాబడి. నిఫ్టీ గ్యారంటీ ఇస్తుందా?

---

కాగితం_పెన్సిల్ · ఆగస్టు 10

ఇవ్వదు. జీతం మొదలయ్యాక నేనూ మీవైపే, సిప్ కంటే ముందు ఆ వడ్డీయే. ఇప్పటి 500 మీద మాత్రం మనిద్దరికీ కుదరదు.

తమ్ముడూ, నువ్వు చేయాల్సింది బ్రాంచికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగడం. గడువులో సాధారణ వడ్డీయా, చక్రవడ్డీయా? ఏ తేదీన అసలులో కలుపుతారు? మధ్యలో నేను కడితే వడ్డీకి జమ చేస్తారా, అసలుకా? శాంక్షన్ లెటర్‌లో రాసి ఉంటుంది, మీ నాన్నగారి బీరువాలో ఉండొచ్చు. చక్రవడ్డీ అని తేలితే సార్ చెప్పిందే కరెక్ట్, సిప్ మానెయ్.

---

తణుకు_టు_మాదాపూర్ · సెప్టెంబర్ 14

అప్‌డేట్. పదో తరగతి మెమోలో, పాన్‌లో ఒకేలా ఉంది, కాబట్టి ఆధార్ మార్చా. పన్నెండు రోజులు పట్టింది, తర్వాత కేవైసీ ఓకే అయింది. ఆర్డీ ఆగస్టులోనే మొదలుపెట్టా, రెండు వాయిదాలు అయ్యాయి. 12న యూపీఐతో 500 ఇండెక్స్ ఫండ్ కొన్నా. మర్నాడు చూస్తే మొత్తం 499.98 అని ఉంది, రెండు పైసలు ఎటు పోయాయి?

---

గుంటూరు_మిర్చి_99 · సెప్టెంబర్ 14

స్టాంప్ డ్యూటీ. 0.005 శాతం. గవర్నమెంట్‌కి రెండు పైసలు ఇచ్చావ్, దేశభక్తుడివి.

---

తణుకు_టు_మాదాపూర్ · సెప్టెంబర్ 14

😂 లోన్ లెటర్ నాన్న ఫోటో తీసి పంపారు. సాధారణ వడ్డీ అనే ఉంది. కానీ కింద చిన్న అక్షరాల్లో "బ్యాంకు నిబంధనల మేరకు మారవచ్చు" అని కూడా ఉంది. దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు బ్రాంచికి వెళ్లి అడుగుతా.

---

విశ్రాంత_మేనేజరు · సెప్టెంబర్ 15

ఖాతా స్టేట్‌మెంట్ కూడా ప్రింట్ తీయించుకో బాబూ. ఏ నెల ఎంత వడ్డీ వేశారో అందులో కనబడుతుంది. లక్షకి నెలకి 833 చుట్టూ కదలకుండా ఉంటే సాధారణ వడ్డీ. లోను మొత్తం మారకుండా నెల నెలా అది కొంచెం కొంచెం పెరుగుతుంటే లెటర్‌లో ఏమున్నా చక్రవడ్డీయే. మధ్యలో రేటు మారి ఉంటే మాత్రం ఆ నెల దగ్గర ఒక మెట్టు కనబడుతుంది, అది వేరు. ఆ కాగితం ఫోటో ఇక్కడ పెట్టకు, ఖాతా నంబరు ఉంటుంది. అంకెలు మాత్రం రాయి, చూస్తాను.